బియ్యం బస్తా మీద 10 రూపాయలే తగ్గిస్తానంటున్నాడు, దించిన రోజే డబ్బు ఇస్తే ఎంత అడగాలి?

ఖమ్మం_కిరాణా:
అన్నలూ, నాది చిన్న కిరాణా. 26 కేజీల బియ్యం బస్తాలు నెలకి 40 దాకా పోతాయి. బస్తా 1450, గడువు 21 రోజులు. దించిన రోజే ఫోన్‌పే చేస్తా తగ్గించు అంటే హోల్‌సేల్ ఆయన 10 రూపాయల దగ్గరే ఆగాడు. నూనె, కందిపప్పు కూడా ఆయనకే ఇస్తే ఇంకా తగ్గుతాడా? బ్రాండ్ సరుకు డిస్ట్రిబ్యూటర్లనీ ఇలాగే అడగొచ్చా?

తెనాలి_స్టోర్స్:
పదికి ఒప్పుకోకండి. ఓడీలో 12 శాతం వడ్డీకి డబ్బు తీసి కట్టారనుకోండి, 21 రోజులకి బస్తాకి పడేదే 10 రూపాయలు, ఇంక మీకు మిగిలిందేంటి? ఆయనకి మాత్రం వడ్డీ ఒక్కటే కాదు, గుమాస్తా వసూలుకి తిరిగే పని తప్పుద్ది, బాకీ మునుగుద్దన్న భయం ఉండదు. 2 శాతం అంటే 29 రూపాయలు, అక్కడ మొదలెట్టి 25కి తెగ్గొట్టండి. ఇంకోటి, ముందు గడువు రేటు తేల్చుకోండి, అదే రోజు ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి అదే రకానికి రేటు కనుక్కోండి, ఆ తర్వాతే రొక్కం మాట ఎత్తాలి. ముందే ఎత్తితే 20 పెంచి 20 తగ్గించానంటాడు.

బేగంబజార్_గల్లా:
30 ఏండ్ల సంది హోల్‌సేల్ గల్లా మీద కూసుంటున్న, ఈ సలహా ఇనకు తమ్మీ. పొద్దుగాల్నే క్యాష్ రేటు, ఉద్దర రేటు రెండూ రాసిపెట్టుకుంటం. మొదలే క్యాష్ పార్టీ అన్నోనికి మంచి రేటే చెప్తం. ఉద్దర రేటు మీద గంట బేరం చేసి ఆఖర్ల క్యాష్ అంటే మా మనసు ఇరుగుతది, మళ్ల సరుకు షార్టేజ్ ఉన్నప్పుడు వాని ఫోన్ ఎత్తం.

తెనాలి_స్టోర్స్:
మీరు అమ్మే వైపు కూర్చున్నారండి, అలాగే చెప్తారు. రెండు రేట్లు రాసుకునే మాటైతే రెండూ బోర్డు మీద పెట్టండి, మేం చూసి తీసుకుంటాం.

బేగంబజార్_గల్లా:
బోర్డు మీద పెడితే చెక్కు బౌన్స్ అయ్యేటోడు గూడ క్యాష్ రేటే అడుగుతడు. ఇయ్యాల ఇస్త అని వారం తిప్పేటోల్లు ఎంతమందో మీకేం ఎరుక? వరసగ నాలుగు బిల్లులు దించిన పూటే కట్టి సూపెట్టు, ఐదో బిల్లుకు అడుగు, 25 ఎందుకియ్యడో నేను సూస్త.

కాకినాడ_జనరల్:
ఆ నాలుగు బిల్లుల తగ్గింపు ఎవరిస్తారండి, ఊరికే పోవాలా? మొదటి బిల్లు నుంచే అడగాలి.

సిద్దిపేట_మార్ట్:
అసలు 26 కిలోలది ఎందుకు తీస్కుంటున్నవ్ అన్న? 25ది 1420కే ఇస్తుండు మా దగ్గర, 30 తక్కువ.

తెనాలి_స్టోర్స్:
కేజీ లెక్క వేయండి బాబూ. 1450ని 26తో భాగిస్తే 55.77, మీది 56.80. మీరే ఎక్కువ ఇస్తున్నారు. 2022 జులై 18 నుంచి 25 కేజీలు, ఆ లోపు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడిందనేగా 26 కేజీల సంచులొచ్చాయి. బస్తా రేటు చూసి బేరమాడితే ఇలాగే అవుద్ది.

సిద్దిపేట_మార్ట్:
మా దగ్గర బియ్యం క్వాలిటీ వేరే ఉంటది, తెల్వకుండ మాట్లాడకుండ్రి.

నర్సీపట్నం_షాపు:
మా ఊళ్లో ఉద్దర వసూలే అవట్లేదు, పండక్కి ఇస్తామని పండగ అయ్యాక కూడా ఇవ్వరు. వచ్చిన డబ్బు వచ్చినట్టే నూనె ఆయనకి పోతంది, ఇంక రొక్కం ఎక్కడ్నుంచి తేవాలి?

కాకినాడ_జనరల్:
ఖమ్మం గారూ, 40 బస్తాలు ఒకేసారి దించుకోండి, రేటు దానంతటదే పడిపోద్ది.

బేగంబజార్_గల్లా:
రేటు పడేది నిజమే, గని 58 వేలు ఒక్కపారే ఇరుక్కుపోతయ్, వానకాలం అయితే పురుగు వడతది. మాకు ఖర్చయ్యేది బండి, హమాలీ. నువ్వు పది బస్తాలకు బండి పిలిస్తే కిరాయి అంత నీ మీదనే పడ్తది. పక్కపొంటి రెండు దుకాణాలను కలుపుకొని ఏస్ బండికి పాతిక బస్తాలు నింపుండ్రి, బిల్లులు ఎవలయి ఆల్లకే కొట్టియ్యి, వారం వారం అదే రోజు ఎత్తుతమని చెప్పు. గప్పుడు కిరాయి తగ్గింపు వేరే, క్యాష్ తగ్గింపు వేరే అడగొచ్చు. రెండిట్నీ కలిపి ఒక్క మాటల అడిగితే ఒక్కటే ఇస్తం.

తెనాలి_స్టోర్స్:
ఈ చివరి మాట మాత్రం నిజం చెప్పారు. తగ్గింపు బిల్లులోనే రాయించుకోండి, నోటిమాట అయితే వచ్చే నెల మర్చిపోతారు.

ఖమ్మం_కిరాణా:
మా వీధిలో ఇంకో షాపాయన వస్తానన్నాడు, మూడో ఆయన డబ్బు లేటు చేస్తాడు. ఆయన్ని కలుపుకుంటే నా రేటు కూడా పోతుందా?

బేగంబజార్_గల్లా:
బిల్లు నీది నీకు ఉంటే పోదు. కని బండి పంపే ముందుగాల్నే ఆయన డబ్బు అడుగుతం.

కాకినాడ_జనరల్:
నూనె మాత్రం నెల మొత్తానికి మాట ఇవ్వకండి, రేటు పడితే ఆ స్టాకుతో మీరే మిగిలిపోతారు. బియ్యం, పప్పు వరకే. డిస్ట్రిబ్యూటర్లకి ఉండేదే తక్కువ, రేటు జోలికి పోకుండా డ్యామేజీ సరుకు వెనక్కి తీసుకోమని, స్కీమ్ పూర్తిగా ఇమ్మని అడగండి.

నర్సీపట్నం_షాపు:
పామాయిల్ టిన్ను ఇవాళ ఎవరి దగ్గర ఎంత ఉందండి?