మనసు పలకనప్పుడు సంధ్య వార్చాలా, మానాలా?

కోటవాసి, విజయనగరం:
డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాను. ఉపనయనం నాటి నుంచి సంధ్య వారుస్తున్నాను గాని, ఇప్పుడు గాయత్రి చెబుతుంటే ఫోన్ నంబరు చదువుతున్నట్టుంది. భక్తి లేదు, ఏడుపు కూడా రాదు. ఇది దేవుణ్ణి మోసగించడం కాదా? మానేయాలా, కొంతైనా ఉంచుకోవాలా?

బొబ్బిలి శర్మ:
మనసు లేని జపం పెదవుల వ్యాయామమే కనుక, కొంతకాలం మానుకోవడమే నిజాయితీ అని నా అభిప్రాయం. మానలేకపోతే మానసిక జపం చేయండి. పైకి పలికే జపం కంటే ఉపాంశువు, దానికంటే మానసికం అనేక రెట్లు గొప్పవని మనుస్మృతి చెబుతోంది.

అరసవల్లి భక్తురాలు:
బాబూ, దిగులు పడకండి. మా మరిదికి మోకాళ్ల నొప్పులు సూర్యారాధనతోనే తగ్గాయి. నలభై రోజులు పూటకు మూడుసార్లు ఆదిత్యహృదయం చదివి, ప్రతి ఆదివారం అరసవల్లి వచ్చి స్వామిని దర్శించుకోండి.

పాలకొండ మాస్టారు:
అమ్మా, మీ మాట ఆప్యాయంగానే ఉంది గాని, ఆయన అడిగింది ఇంకేం చేర్చాలని కాదు, ఎంతవరకు తగ్గించవచ్చని. ఈ స్థితిలో మొక్కిన దీక్ష మధ్యలో ఆగిపోతే, ఉన్న అపరాధభావానికి మరొకటి తోడవుతుంది.

శర్మగారు ఉదహరించిన క్రమం సరైనదే. అయితే అది మనసు స్వాధీనంలో ఉన్నవారికి. ఈ జబ్బులో నోరు మూయగానే, జపం ఉండవలసిన చోటును పాత ఆలోచనలు ఆక్రమించుకుంటాయి. అందుకే ఈయనకు పెదవులు కదిలే ఉపాంశు జపమే మేలు.

మోసం సంగతికి వస్తే, సంకల్పంలో మనం చెప్పేదేమిటో చూడండి: పరమేశ్వర ప్రీతి కోసం ప్రాతస్సంధ్యను ఉపాసిస్తానని మాత్రమే అంటాం, నా గుండె భక్తితో నిండి ఉందని ఎక్కడా అనం. చెప్పని మాటకు అబద్ధం ఎలా అంటుతుంది? గీత పన్నెండో అధ్యాయంలోనూ భగవానుడు, చిత్తాన్ని నాలో నిలపలేకపోతే అభ్యాసం చేయమని, అదీ చేతకాకపోతే నా కోసం పనులు చేయమని, అదీ కాకపోతే ఫలాన్ని విడిచిపెట్టమని మెట్టు మెట్టుగా కిందికి దిగి వస్తాడు.

ఆచరణలో ఇలా చేయవచ్చు. ఆచమనం, సంకల్పం, మూడు అర్ఘ్యాలు, పది గాయత్రి. నూట ఎనిమిది కుదరనప్పుడు ఇరవై ఎనిమిది, అదీ కుదరనప్పుడు పది అనేది పెద్దలు చెప్పినదే. వేళ దాటితే ఒక్క ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇచ్చి ముందుకు సాగండి. నిన్నటి బాకీని నేటి జపానికి కలపవద్దు. కాస్త తేలికగా ఉన్న రోజున కూడా పది దాటకండి, ఎందుకంటే ఆ రోజు చేసిన నూట ఎనిమిదే మర్నాటికి కొలమానమై కూర్చుంటుంది. సరిగా పలకలేదన్న అనుమానంతో లెక్కను మళ్లీ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటున్నా, పీట మీద నుంచి లేవలేకపోతున్నా, అక్కడితో ఆపి ఆ విషయాన్ని డాక్టరుగారికి చెప్పండి.

శ్రీకాకుళం టీచరమ్మ:
నేను క్రైస్తవురాలిని. నాకు మాత్రల మోతాదు పెంచిన తరువాత ప్రార్థనే కాదు, మనవడి నవ్వు కూడా తాకడం మానేసింది. కొన్ని మందులే భావాలను మొద్దుబారుస్తాయని డాక్టరు చెప్పి మార్చారు. అన్నగారు ఈ మాట తప్పక అడగాలి, సొంతంగా మాత్రం మందు ఆపకూడదు. బతకాలని లేదనిపిస్తే ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయాలి.

ఆ రోజుల్లో నేను 88వ కీర్తన ఒక్కటే చదివేదాన్ని. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో బలవంతపు స్తుతి ఉండదు. మా సంప్రదాయంలో కూడా దీనిపై ఒకే మాట లేదు. మనసు ఎండిపోయినప్పుడు ముందటి నిర్ణయాన్ని మార్చవద్దని, ప్రార్థనను కాస్త పొడిగించమని లొయోలా ఇగ్నేషియస్ అంటారు. అదే 16వ శతాబ్దానికి చెందిన అవిలా తెరెసా, విషాదరోగం ఉన్న సన్యాసినులను ఎక్కువసేపు ప్రార్థనలో ఉండనివ్వవద్దని మఠాధిపతులకు చెప్పారు. మొదటిది ఆత్మ శుష్కించినవారికి, రెండోది జబ్బుపడినవారికి అని నేను అనుకుంటాను. తన పరిస్థితి ఏదో రోగికే తెలియనప్పుడు ఏది పాటించాలన్నది నాకూ తేలలేదు.

బొబ్బిలి శర్మ:
మానసిక జపం విషయంలో మాస్టారి మాట ఒప్పుకుంటాను. కాని అశ్రద్ధతో చేసిన హోమం, దానం, తపస్సు అసత్తని గీత పదిహేడో అధ్యాయం చివర చెప్పినదాన్ని ఏం చేస్తారు?

పాలకొండ మాస్టారు:
శ్రద్ధ లేనివాడు ఈ ప్రశ్న అడగడానికే రాడు శర్మగారూ.

బొబ్బిలి శర్మ:
అది సమాధానం కంటే సానుభూతిలాగే నాకు వినిపిస్తోంది.

కోటవాసి, విజయనగరం:
పది గాయత్రి చేయగలనేమో. కాని తెల్లవారి స్నానానికి లేవడమే నా వల్ల కావడం లేదు.

పాలకొండ మాస్టారు:
ఆతురుడికి స్నాన నియమం సడలుతుంది బాబూ. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని, విభూతి పెట్టుకుని కూర్చోండి. పంచపాత్రలో నీళ్లు రాత్రే మంచం దగ్గర పెట్టమని ఇంట్లో వాళ్లకు చెప్పండి.