ఇదే కంపెనీల వేరే విభాగానికి పోయే లీడ్: అప్పగింత, థ్యాంక్స్ ఒకే మెయిల్లనా, రెండుగనా?

రెండో అంతస్తు
మాది మడికొండ ఐటీ పార్కుల ఆఫీసు. క్లయింటు పంపే సమస్యల టికెట్లు చూసే టీముకు లీడ్‌ని. 11 మంది, మూడు షిఫ్టులు. జనవరి 1 నుంచి ఇదే కంపెనీల డేటా విభాగానికి పోతున్న, బిల్డింగు కూడా మారది. వీడ్కోలు మెయిల్ రాయాలె. అప్పగింత వివరాలు, థ్యాంక్స్ అన్నీ ఒక్కదాంట్లనే పెట్టుమని మేనేజర్ అంటున్నడు. రెండు వేరువేరుగ పంపుమని టీముల సీనియర్ అంటున్నది. అంతా కలిపి 60 మందికి పోతది, అండ్ల క్లయింటు దిక్కు విదేశమోళ్లు కూడా ఉన్నరు. ఎవరి మాట వినాలె?

కాజీపేట జంక్షన్
మేనేజర్ చెప్పిందే కరెక్ట్ అక్కా, ఒక్కటే పంపున్రి. వీడ్కోలు మెయిల్ ఎవ్వడైనా ఒక్కసారే తెరుస్తడు. రెండు పంపితే రెండోది చదవరు. ఇంకోటి, మూడు నెలలైనంక ఎవనికన్నా "ఈ పని ఇప్పుడు ఎవరు చూస్తున్నరు" అని అనుమానమొస్తే మెయిల్ పెట్టెల మీ పేరు కొట్టి వెతుకుతడు. అప్పుడు ఆ ఒక్క మెయిల్ల అన్నీ దొరకాలె. పెండింగ్ టికెట్లు, షిఫ్టులు, క్లయింటు నంబర్లు, రిపోర్టులు అన్నీ వరుసగ రాసి చివర్ల థ్యాంక్స్ పెట్టున్రి.

భద్రకాళి చెరువుకట్ట
ఆల్ ది బెస్ట్ మేడం. మెయిల్ సంగతి సరే గానీ, ముందు రిలీవింగ్ లెటర్, పీఎఫ్ చూసుకోండి. చివరి రోజు సాయంత్రానికల్లా ఐడీ మూసేస్తారు. మీ సొంత మెయిల్, ఫోన్ నంబర్ ఆ మెయిల్ చివర్లో తప్పకుండా ఇవ్వండి, లేకపోతే తర్వాత ఎవరికీ దొరకరు.

ములుగు రోడ్డు
కంపెనీ మారుతలేదు, విభాగం మారుతున్నది. ఐడీ గదే ఉంటది, నంబర్ గదే ఉంటది. ఈమెకు ఉన్న తిప్పలు దొరకకపోవుడు కాదు, ఎక్కువ దొరుకుడు.

పాత హన్మకొండ
ములుగు రోడ్డు చెప్పిన దగ్గరే అసలు విషయముంది. కంపెనీ వదిలిపోయేవాళ్ల మెయిల్ నమూనా తెచ్చి ఇక్కడ పెడితే పని చెడుతుంది. వాళ్లు పోయాక పాత ఐడీకి రాస్తే మెయిల్ తిరిగొస్తుంది కాబట్టి జనం తప్పక కొత్త మనిషిని వెతుక్కుంటారు. మీరు అదే బిల్డింగులో కూర్చుంటారు, రాస్తే జవాబు వస్తుందని అందరికీ తెలుసు. అందుకని టికెట్లన్నీ అలవాటు కొద్దీ మీ దగ్గరికే వస్తాయి, కొత్త లీడ్‌కు తెలియకుండానే సగం పని జరిగిపోతుంది. ఈ మెయిల్ ఆ దారి మళ్లించాలి.

ఇక ఒకటా రెండా అంటే, మీ తేదీలు చూస్తే రెండు కాక తప్పదు. క్లయింటు విదేశీయులన్నారు. క్రిస్మస్ వారంలో వాళ్లలో చాలామంది సెలవు మీదుంటారు, జనవరి మొదటి వారంలో గానీ రారు. మీరు 31న పంపిన మెయిల్ వాళ్ల సెలవుల కుప్పలో అడుగున పడిపోతుంది. కాబట్టి బాధ్యత ఎవరికి మారుతోందో చెప్పే మెయిల్ డిసెంబర్ 18 లోపల వెళ్లాలి. థ్యాంక్స్ అంత ముందుగా చెబితే రెండు వారాలు రోజూ ఎదురుపడుతూ వీడ్కోలు చెప్పినట్టు ఉంటుంది. అది 30న పంపండి. 31న సగం మంది ఉండరు.

ఒక షరతు: మీ మేనేజర్ మార్పును అధికారికంగా ప్రకటించాకే మీ మెయిల్ వెళ్లాలి. ముందే వెళ్తే కొత్త లీడ్ పేరు మీ నోటి నుంచి బయటపడినట్టవుతుంది.

కాజీపేట జంక్షన్
తేదీల మాట ఒప్పుకుంట. కానీ వెతికితే ఒక్క చోట దొరకాలన్న మాట మీద ఉన్న. 18న పోయే మెయిల్ల వివరాలన్నీ పెడితే సరిపాయె కద?

పాత హన్మకొండ
ఒక్క చోట దొరకాలన్నది నిజమే. ఆ చోటు మాత్రం మెయిల్ కాదు. పంపిన మెయిల్‌ను దిద్దలేం. 18న పెండింగ్‌లో ఉన్న టికెట్ 22కి మూసుకుపోవచ్చు, ఇంకోటి చేతులు మారవచ్చు. జనవరిలో వెతికినవాడికి దొరికేది పాత సంగతి, పైగా మీ సంతకంతో ఉంటుంది కాబట్టి దాన్నే నమ్ముతాడు. అందుకే వివరాలు ఒక షీట్లో ఉండాలి. పని, ఎక్కడ ఆగింది, తర్వాత చేయాల్సింది, ఎవరు, ఎప్పటికి అని అయిదు గళ్లు చాలు. మెయిల్లో దాని లింకు ఇవ్వండి.

"ఎక్కడ ఆగింది" గడిలో "పురోగతిలో ఉంది" అని రాయొద్దు, అది ఏమీ చెప్పదు. "నెట్‌వర్క్ విభాగం 12న లాగ్ ఫైళ్లు అడిగింది, క్లయింటు ఇంకా పంపలేదు" అని రాస్తే కొత్త మనిషి మరుసటి నిమిషంలో పని మొదలుపెట్టగలడు. షీట్ బాగుందో లేదో తెలియాలంటే కొత్త లీడ్‌ను మీ పక్కన కూర్చోబెట్టి, మీరు నోరు విప్పకుండా, ఏదో ఒక వరుస చదివి తర్వాత ఏం చేస్తారో చెప్పమనండి. చెప్పలేకపోతే తప్పు షీట్‌ది.

ములుగు రోడ్డు
లింకు అంటున్నరు గని గండ్ల ఒక మెలిక ఉంటది. మీ సొంత గూగుల్ డ్రైవ్‌ల ఉన్న షీట్ లింకు 60 మందికి పంపితే, అనుమతి లేనోళ్లు తెరిచినప్పుడు యాక్సెస్ అడిగే మెయిల్ పోయేది షీట్ ఓనర్‌కే. అంటే మీకే! దారి మళ్లించాలని మెయిల్ రాసి, మళ్ల మీ గడప కాడికే తెచ్చుకున్నట్టు. మొదలు దాన్ని టీము షేర్డ్ డ్రైవ్‌లకు మార్చున్రి, లేకుంటే ఓనర్‌గ కొత్త లీడ్‌ను పెట్టున్రి. పంపే ముందు టీముల ఒకరి ల్యాప్‌టాప్‌ల తెరిచి చూడున్రి.

క్యాలెండర్ గూడ గంతే. రోజూ పెట్టే మీటింగు ఔట్‌లుక్‌ల మీ పేరు మీద ఉంటే, దాని ఆర్గనైజర్‌ను మీ అంతట మీరు మార్చే వీలు లేదు. మీరు డిసెంబర్ 31కి ముగిసేటట్టు చేయాలె, కొత్త లీడ్ జనవరి 1 నుంచి కొత్తది పెట్టుకోవాలె. గూగుల్ క్యాలెండర్‌ల అయితే ఓనర్‌ను మార్చొచ్చు.

రెండో అంతస్తు
మీటింగు సంగతి నాకు తట్టనే లేదు, మాది ఔట్‌లుక్కే. నేను రాసుకున్న మెయిల్ చివరి ముక్క ఇది, జర చూడున్రి:

"మీ అందరితో కలిసి పనిచేయడం నా అదృష్టం. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నేను ఎక్కడికీ పోవడం లేదు, పై అంతస్తులోనే ఉంటాను. ఎప్పుడు ఏం కావాలన్నా మొహమాటం లేకుండా నన్ను అడగండి."

పాత హన్మకొండ
చివరి రెండు వాక్యాలు తీసేయండి. మర్యాద కొద్దీ రాశారు, కానీ "కొత్త లీడ్‌ను అడగనక్కర్లేదు" అని చదువుకుంటారు. సాయం చేస్తానని చెప్పాలంటే హద్దు గీసి చెప్పండి. 18న వెళ్లేది ఇలా ఉండొచ్చు, పేర్లు మీరు నింపుకోండి:

"జనవరి 1 నుంచి టికెట్ల టీముకు లీడ్ ఫలానా. అత్యవసర టికెట్ల మీద నిర్ణయం, షిఫ్టుల పట్టిక, వారం రిపోర్టు మూడూ ఆయనే చూస్తారు. కొత్త టికెట్లు ఎప్పటిలాగే టీము గ్రూపు ఐడీకి పంపండి, నా ఐడీకి వద్దు. డిసెంబర్ 31 దాకా జవాబుదారీ నాదే. జనవరి 16 దాకా పాత టికెట్ల మీద ఆయనకు ఏవైనా సందేహాలుంటే రోజూ సాయంత్రం 4 నుంచి 4:30 వరకు నేను అందుబాటులో ఉంటాను. పెండింగ్ పనుల షీట్ ఇక్కడ ఉంది."

"ఆయనకు" అన్న మాట కావాలనే పెట్టాను. సందేహాలు తీరుస్తానన్నది కొత్త లీడ్‌కు, 60 మందికి కాదు. జనవరిలో ఎవరైనా మీకు రాస్తే మీరే జవాబు చెప్పేయకుండా గ్రూపు ఐడీకి ఫార్వర్డ్ చేసి, "ఫలానా చూస్తారు" అని ఒక్క ముక్క రాయండి. ఆటోమేటిక్ రిప్లై పెట్టుకోవద్దు, డేటా విభాగం వాళ్లు మీకు రాసినా అదే వెళ్తుంది.

కాజీపేట జంక్షన్
ఇది బాగుంది, నా మాట వెనక్కి తీసుకుంటున్న, సగం. ఐడీలు మాత్రం బీసీసీల పెట్టున్రి. 60 మందిల పది మంది "కంగ్రాట్స్" అని రిప్లై ఆల్ కొట్టినా పెట్టె నిండుతది.

ములుగు రోడ్డు
థ్యాంక్స్ మెయిల్‌కు బీసీసీ సరే. బాధ్యత మారే మెయిల్‌కు వద్దు. ఎవరెవరికి చెప్పిన్రో కొత్త లీడ్‌కు కనవడాలె. క్లయింటుకు చెప్పిన్రా లేదా అని ఆయన జనవరిల మళ్ల అడుగుకుంట తిరగాలెనా?

కాజీపేట జంక్షన్
కనవడితే రిప్లై ఆల్ కొడతరు. రెండు తిప్పలల్ల ఒకటి ఎంచుకోవుడే.

పాత హన్మకొండ
క్లయింటుకు విడిగా ఒక కాపీ పంపి, అందులో కొత్త లీడ్‌ను సీసీలో పెడితే సగం తీరుతుంది. మిగతా సగం మీ ఆఫీసు అలవాటును బట్టి ఉంటుంది, నేను తీర్పు చెప్పను. ఔట్‌లుక్‌లో Direct Replies To అన్న చోట మీ ఐడీ పెడితే మామూలు రిప్లైలు దానికే వస్తాయి. కానీ రిప్లై ఆల్ కొట్టేవాళ్లను అది ఆపలేదు.

వడ్డేపల్లి గట్టు
నేను కూడా టీములో ఉండే మనిషినే, లీడ్‌ని కాదు. మా లీడ్ ఇలాగే మారుతున్నారు, ఎవరూ మాట్లాడని ఒక సంగతి ఉంది. నోటి మాటలు. 2026 మేడారం జాతర జనవరి నెలాఖరులో పడింది. నలుగురం సెలవు అడిగాం, "సరే, చూసుకుందాం" అన్నారు. అది సిస్టంలో లేదు. కొత్త లీడ్‌కు ఎవరు చెప్తారు?

పాత హన్మకొండ
మంచి మాట ఎత్తారు తమ్ముడూ. ఇది 60 మంది చదివే షీట్లో రాయాల్సింది కాదు. లీడ్ నుంచి లీడ్‌కు వెళ్లే విడి కాగితంలో రాయాలి. ఎవరికి ఏ సెలవు మాట ఇచ్చారు, ఎవరికి షిఫ్టు మారుస్తామన్నారు, ఈ ఏడాది ఎవరి పని ఎలా సాగింది, ఇవన్నీ అందులోకే. సెలవులైతే ఇప్పుడే సిస్టంలో పెట్టించి, మీ లీడ్ ఉండగానే ఆమోదం తీసుకోండి. రిపోర్టింగ్ మేనేజర్ మారిన తేదీకి ఆమోదం కాని అర్జీలు కొన్ని ఆఫీసుల్లో పాత లీడ్ పేరు కిందే ఆగిపోతాయి. అలా ఆగితే కొత్త లీడ్‌కు కనబడవు, పాత లీడ్ ఆ వైపు చూడరు.

రెండో అంతస్తు
మా దగ్గర కూడా ముగ్గురు గట్లనే అడిగిన్రు. రేపే పెట్టిస్త. ఇగ థ్యాంక్స్ మెయిల్ల పేర్లు రాయాల్నా వద్దా? 11 మందివి రాస్తే బాగనే ఉంటది, కానీ నెట్‌వర్క్, బిల్లింగ్ వాళ్లు మస్తు మంది ఉన్నరు. ఒకరిని మర్చిపోతే జన్మల మర్చిపోరు.

కాజీపేట జంక్షన్
పేర్లు లేని థ్యాంక్స్ గోడ మీద పోస్టర్ లెక్క. ఎవ్వరిది కాదు.

పాత హన్మకొండ
11 మందివీ రాయండి, ఒక్కొక్కరికి ఒక్కో పని చెప్పి. "అంకితభావం" అంటే ఎవరికైనా సరిపోతుంది. "రాత్రి షిఫ్టులో వచ్చిన అత్యవసర టికెట్లకు పొద్దున ఏడింటికల్లా రెండు లైన్ల సారాంశం పెట్టేది" అంటే అది ఆ పని చేసిన మనిషి ఒక్కరికే. రాశాక పేర్లు తీసేసి చదవండి. ఏ వాక్యం ఎవరిదో టీము గుర్తుపట్టలేకపోతే తిరగరాయండి. పక్క విభాగాల వాళ్లను మాత్రం విభాగం పేరుతో, చేసిన పనితో చెప్పి వదిలేయండి.

ములుగు రోడ్డు
నేనొప్పుకోను. 11 వాక్యాల మెయిల్ అయితది, ఎవని వాక్యం పొడుగున్నదో లెక్కవెడతరు. టీముకు ఎదురుంగ నిలవడి నోటితోని చెప్పి, మెయిల్ల నాలుగు లైన్లు చాలు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ నడిపేటోళ్లకు ఆఫీసు ఐడీ ఉండదు. వాళ్లకు ఎట్లా నోటితోనే చెప్పాలె.

వడ్డేపల్లి గట్టు
టీము వరకు తెలుగులో రాస్తే ఎలా ఉంటుంది అక్కా? అందరం తెలుగువాళ్లమైతే ఆ ఇంగ్లీషు "ఇట్ హాజ్ బీన్ ఎ ప్లెజర్" ఎవరి కోసం?

రెండో అంతస్తు
ఒకాయనది చంద్రాపూర్, తెలుగు మాట్లాడతడు, చదవరాదు. ఆయన వాక్యం ఒక్కటి ఇంగ్లీషుల రాసి మిగతాది తెలుగుల పెడదామని చూస్తున్న. షీట్ ఇయ్యాల షేర్డ్ డ్రైవ్‌లకు మార్చిన. అందరిని తెరిచి చూడుమన్న, ఇద్దరికి తెరుచుకోలే. వాళ్లిద్దరూ రాత్రి షిఫ్టోళ్లే.