వెనక ఆబ్జెక్ట్ లేకపోయినా ‘లెయిడ్’ వస్తుందా? కీ మీద అప్పీలు చేయాలా?

గ్రూప్స్_గుంటూరు: మాక్ టెస్టులో ఖాళీ: ‘ద ఫౌండేషన్ స్టోన్ ఆఫ్ నాగార్జునసాగర్ డ్యామ్ వజ్ ___ ఇన్ 1955.’ నేను ‘లెయిన్’ పెట్టాను, కీలో ‘లెయిడ్’ ఉంది. వెనక ఆబ్జెక్ట్ ఉంటేనే కదా ‘లెయిడ్’? కీ తప్పా?

పీఓ_రెండోసారి: కీ కరెక్టే తమ్ముడూ. ప్రాణం ఉన్నవాటికి ‘లై’, లేనివాటికి ‘లే’. రాయికి ప్రాణం లేదు, అంతే!

పాత_ఇంగ్లిష్_టీచర్: జవాబు సరే, కారణం తప్పండీ. పుస్తకం బల్ల మీద ఉంటే ‘లైస్’ అనే అంటాం, దానికి ప్రాణముందా? పాపను మంచం మీద పడుకోబెడితే ‘లెయిడ్’, పాప ప్రాణం లేనిదా?

రాయి తనంతట తాను పడుకోలేదు, నెహ్రూ వేశారు. ‘నెహ్రూ లెయిడ్ ద స్టోన్’ అని తిప్పి చూడండి, వెనక కనపడని ఆబ్జెక్టు ముందుకొచ్చి సబ్జెక్టు స్థానంలో కూర్చుంది. పాసివ్‌లో జరిగేదే అది. ‘లై’కి ఆబ్జెక్టే ఉండదు కాబట్టి పాసివ్ కూడా ఉండదు. అందుకే ‘వజ్’ పక్కన ‘లెయిన్’ ఎప్పుడూ రాదు. దానికి ముందు హ్యాజ్, హ్యావ్, హ్యాడ్ లాంటిది ఉండాల్సిందే: ‘ద ఫైల్ హ్యాజ్ లెయిన్ హియర్ సిన్స్ మార్చ్.’

అసలు ఉచ్చు వేరే ఉంది. ‘లై’కి పాస్ట్ కూడా ‘లే’నే. ‘యెస్టర్‌డే హి లే డౌన్’ కరెక్టు, ‘లెయిడ్ డౌన్’ తప్పు. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇదంటే మహా ఇష్టం.

డాలస్_నుంచి: ఇక్కడ పుట్టి పెరిగిన మా కొలీగ్స్ ‘ఐ లెయిడ్ డౌన్’ అనే అంటారు. జీతం పెరిగితే ‘రెయిజ్’ అంటారు, లండన్ ఆఫీసులో ‘రైజ్’ అంటారు. ఏది నేర్చుకోవాలి?

పాత_ఇంగ్లిష్_టీచర్: మీరడిగింది నామవాచకం, అది దేశాన్ని బట్టి మారుతుంది. క్రియలు మారవు. తెలుగులో పెరగడం, పెంచడం ఉన్నాయి కదా! ధరలు పెరిగాయి, ‘రోజ్’. రిజర్వ్ బ్యాంక్ వడ్డీ పెంచింది, ‘రెయిజ్డ్’.

పీఓ_రెండోసారి: ఇంగ్లిష్ వాళ్లే కలిపేస్తుంటే మనకెందుకండీ మార్కులు కోయడం? ఇది భాష రాదని కాదు, టేబుల్ బట్టీ పట్టలేదని శిక్ష.

పాత_ఇంగ్లిష్_టీచర్: మాటల్లో వాళ్లు కలపడం కొత్తేం కాదు, శతాబ్దాలుగా ఉంది. అయినా ఆఫీసు రాతలో ఇంకా ఎర్రగీత పడుతుంది. పరీక్ష రాతకే కదా.

పీఓ_రెండోసారి: అయితే ఉత్తరం రాయించి మార్కులెయ్యండి. ఒక ఖాళీ పెట్టి ఏం తేలుస్తారు?

గ్రూప్స్_గుంటూరు: సరే, దీని మీద అప్పీలు మానుకుంటా. అదే పేపర్లో ‘ద హెన్స్ ఆర్ నాట్ లేయింగ్ దిస్ వీక్’ తప్పు వాక్యమట, ఆబ్జెక్టు లేదని. దీనికో?

పాత_ఇంగ్లిష్_టీచర్: దానికి తప్పకుండా పెట్టండి. కోళ్ల విషయంలో గుడ్లన్న మాట చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది. డిక్షనరీలో ఆ అర్థమున్న పేజీ జతచేయండి.