స్కాన్ పేజీలో ఒక్క మాట మార్చాక పేరా సర్దడం ఎలా?

మా తాతగారు అచ్చువేయించిన ఊరి చరిత్రను అదే అక్షరాలతో మళ్లీ ముద్రించాలని 600 డీపీఐలో స్కాన్ చేశాను. పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో ‘పాలన’ను ‘పరిపాలన’గా దిద్దుకోమని ఉంది. అదే పేజీలోంచి ‘ప’, ‘రి’ కత్తిరించి అతికించాను.

ఇక్కడే చిక్కొచ్చింది. లైను వెడల్పు 2000 పిక్సెళ్లు, ఆరు మాటలు, మధ్య ఖాళీలు 40 చొప్పున. కొత్త మాట 90 పిక్సెళ్లు పెరిగింది. ఖాళీలు 22కు తగ్గిస్తే మాటలు అతుక్కున్నట్టున్నాయి. 260 పిక్సెళ్ల చివరి మాటను కింది లైనుకు దింపితే మిగిలిన నాలుగు ఖాళీలూ 92 దాటి, లైను పళ్లూడినట్టుంది. అయినా దింపడమే నయమనిపించింది. కింద మూడు లైన్లు సర్దితే చాలు, పేరా చివరి లైను సగమే ఉంది.

కానీ మాటను దీర్ఘచతురస్రంగా కోస్తే పై లైను వత్తు తోక కూడా వస్తోంది. అందుకే `cv2.connectedComponentsWithStats`తో ఇంకు ముక్కలుగా విడదీశాను. ఇప్పుడు ‘క్ర’లో విడిగా ఉన్న ర వత్తు పై లైనుదో కింది లైనుదో ప్రోగ్రాముకు తెలియడం లేదు. పైగా కుట్టు దగ్గర పేజీ వంగడంతో, కుడి చివర మాటను ఎడమ అంచుకు తెస్తే ఒరిగి కనిపిస్తోంది.

వత్తులను వాటి అక్షరాలకు కలపడానికి నమ్మదగిన పద్ధతి ఏమిటి? వంపు ముందే పేజీ మొత్తానికి సరిచేయాలా, మాట జరిపాక దానికొక్కదానికేనా? ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పండి.