మూడుసార్లు తప్పితే సిప్ తనంతట తానే ఆగుతుంది కదా, రద్దు చేయడం ఎందుకు?

ప్రశ్న అడిగినవారు: ప్రతి నెల 5న నాలుగు మ్యూచువల్ ఫండ్ సిప్‌లు, ఒక్కోటి వెయ్యి రూపాయలు. జీతం 7న పడుతోంది. రెండు నెలలుగా ఖాతాలో డబ్బు లేక నాలుగూ వెనక్కి పోయాయి. బ్యాంకు ఒక్కోదానికి 250, పైన జీఎస్టీ వేసింది. మూడో నెల కూడా వదిలేస్తే పీడ విరగడవుతుందా?

గుంటూరు వాసి: అవును, మూడుతో ఆగుతుంది. వదిలేయండి. కాకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది, దానికి సిద్ధపడండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: మొదటి మాట నిజం, రెండోది కాదు. సిప్ అప్పు కాదు, మీ సొంత పొదుపు. తప్పిన వాయిదా క్రెడిట్ స్కోరులోకి ఎక్కదు. ఫండ్ సంస్థ కూడా జరిమానా వేయదు. ఆ నెల యూనిట్లు రావు, అంతే. పాతవి భద్రంగా ఉంటాయి, వాటి విలువ మార్కెట్‌తో పాటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

డబ్బు పోయేది బ్యాంకు దగ్గర. 250కి 18 శాతం జీఎస్టీ కలిపితే 295. నాలుగు సిప్‌లంటే నాలుగు వేర్వేరు డెబిట్లు, నెలకు 1180. మీకు ఇప్పటికే 2360 అయింది. మూడో నెల వదిలేస్తే 3540. ఉచితంగా రద్దు చేసుకోగలిగినదానికి ఇంకో 1180 ఎందుకు?

విజయవాడ ఉపాధ్యాయిని: నాకూ ఇంతే అయింది. ఇంటి రుణం వాయిదా తప్పితే బ్యాంకువారు ఫోన్ల మీద ఫోన్లు చేశారు, స్కోరు కూడా తగ్గింది. స్కోరుకు ఏమీ కాదని ఎలా అంటారు?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: మీది అప్పు వాయిదా అమ్మా, దాని దారి వేరు. ఇక్కడ అడిగింది సిప్ గురించి.

ప్రశ్న అడిగినవారికి ఇంకో మాట. ఖాతాలో డబ్బు లేనప్పుడు వేసిన ఛార్జీ బాకీగా నిలిచి, తర్వాత పడిన సొమ్ములోంచి ముందు అదే పోతుంది. లెక్కకు సరిగ్గా నాలుగు వేలు వేసి ధీమాగా ఉంటే మళ్లీ తప్పుతుంది. ముందు స్టేట్‌మెంట్ చూడండి. డెబిట్ తరచుగా ఉదయాన్నే వస్తుంది, కాబట్టి డబ్బు 4వ తేదీకే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దు చేస్తే సరిపోతుందా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: అది బ్యాంకుకు చెప్పినట్టే, ఫండ్ సంస్థకు చెప్పినట్టు కాదు. వాళ్లు వాయిదా పంపిస్తూనే ఉంటారు. సిప్‌ను ఫండ్ యాప్‌లోనే ఆపండి, 5వ తేదీకి కనీసం వారం ముందు. పథకం మీద నమ్మకం ఉంటే తాత్కాలికంగా నిలిపే సదుపాయం ఉందేమో చూడండి. నేనైతే 10వ తేదీకి మార్చుకుంటాను.

గుంటూరు వాసి: స్కోరు విషయంలో పొరబడ్డాను, ఒప్పుకుంటాను. కానీ వెయ్యి రూపాయల సిప్‌కు 295 న్యాయమా? ఖాతాలో డబ్బు లేదని కంప్యూటర్ చెప్పడానికి బ్యాంకుకు ఏమంత ఖర్చు?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: ముప్ఫై ఏళ్లు కౌంటర్ వెనక కూర్చున్నాను. ఆ ప్రశ్నకు అప్పుడూ నా దగ్గర జవాబు లేదు.