‘సెలవు పెట్టాను’ అంటే అడిగినట్టా, వచ్చినట్టా? సంక్రాంతి తేదీల మీద చర్చ

శిరీష, మారతహళ్ళి (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో లీడ్ గారు కాక అయిదుగురం, అందరం తెలుగువాళ్లమే. అందుకని సెలవుల సంగతి వాట్సాప్‌లో తెలుగులోనే రాసుకుంటాం. లీడ్ గారు దాన్ని చూసి టీమ్ క్యాలెండర్ షీట్‌లో ఎక్కిస్తారు. సపోర్ట్ పని కాబట్టి ఏ రోజైనా కనీసం ముగ్గురు ఉండి తీరాలి. సంక్రాంతి వారంలో ఒకాయన, బిడ్డ పుట్టినందుకు, ముందే సెలవులో ఉంటున్నారు. ఇక మిగిలింది ఒక్కరికే చోటు.

నేను ‘నాకు జనవరి 12 నుంచి 16 వరకు సెలవు కావాలి’ అని రాశాను. మాలో చిన్నవాడు, కొత్తగా పెళ్లయినవాడు, అంతకుముందే ‘13 నుంచి కనుమ దాకా సెలవు పెట్టాను’ అని రాసి ఉన్నాడు. షీట్‌లో ఇద్దరివీ పసుపు రంగులోనే ఉన్నాయి, అంటే ఏదీ ఖాయం కాలేదు. అతను మాత్రం తనకు వచ్చేసిందనే అనుకుంటున్నాడు. నా వాక్యం అడిగినట్టు లేదు, చెప్పినట్టుందని లీడ్ గారు అన్నారు. ఈసారి భోగి 14 బుధవారం, పండుగ 15 గురువారం, కనుమ 16 శుక్రవారం. ఆఫీసు సెలవు గురువారం ఒక్కటే. ఇద్దరికీ కుదిరేలా ఈ మాట ఎలా రాయాలి?

పెరంబూరు మాస్టారు (చెన్నై)

అమ్మా, లేఖకు ఒక మర్యాద ఉంటుంది. ‘గౌరవనీయులైన టీమ్ లీడ్ గారికి, నమస్కరించి వ్రాయునది. సంక్రాంతి పండుగ నిమిత్తము జనవరి 12 మొదలు 16 వరకు సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన’ అని రాయండి. నేను బడిలో పిల్లలకు ఇలాగే నేర్పాను. ‘కావాలి’ బదులు ‘ప్రార్థన’ అంటే ఎవరూ కాదనరు.

శిరీష

మాస్టారూ, మీ వాక్యం చదవడానికి ఎంతో బాగుంది. కానీ అతను కూడా అలాగే ప్రార్థిస్తే లీడ్ గారి ముందు అవే తేదీలతో రెండు ప్రార్థనలు ఉంటాయి కదండీ.

హరి, ఎలక్ట్రానిక్ సిటీ

ఇందులో చర్చించడానికేముంది? ముందు అడిగినవాళ్లదే సెలవు. అతను మీకంటే ముందు రాశాడు, అతనిదే. మీరు వచ్చే ఏడాది ముందు రాయండి. ఇంకోమాట, ‘వరకు’ అంటే ఆ రోజుతో కలిపే. అందులో అనుమానం అక్కర్లేదు.

విజయ, జయనగర్

పదిహేనేళ్లుగా మా టీమ్ సెలవుల షీట్ నేనే చూస్తున్నాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

హరి గారన్నది సగం నిజం. ముందు అడగడానికి విలువ ఉంది, కానీ అడగడం ఎప్పుడు మొదలవుతుందో అందరికీ ఒకటే రోజు తెలిసి ఉంటేనే. లేకపోతే ఆగస్టులోనే ఏడాది పండుగలన్నీ రాసిపెట్టేవాళ్లకే ప్రతి సంక్రాంతీ దక్కుతుంది. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. శిరీష గారు 10వ తేదీ శనివారం బండి ఎక్కాలంటే టికెట్లు నవంబరు 11న తెరుస్తారు. మా దగ్గర అందుకే నవంబరు మొదటి వారం సంక్రాంతి సెలవులు రాయడానికి, రెండో వారం మొదట్లోనే తేల్చడానికి. ఆ వారంలో ఎవరు ఏ గంటకు రాశారన్నది లెక్కలోకి రాదు.

ఇక వాక్యాల సంగతి. ‘సెలవు పెట్టాను’ అన్నదే ఇక్కడ అసలు చిక్కు. మన వాడుకలో అది రెండింటికీ చెల్లుతుంది. అర్జీ పెట్టినవాడూ ‘పెట్టాను’ అంటాడు, ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నవాడూ ‘ఇవాళ సెలవు పెట్టాను’ అంటాడు. ఆ అబ్బాయి అబద్ధం ఆడలేదు, మీరు తప్పుగా వినలేదు. షీట్‌లో పసుపు ఉన్నంతకాలం ‘అడిగాను’ అనండి, ఆకుపచ్చ అయ్యాక ‘ఖాయమైంది’ అనండి. ‘పెట్టాను’ అనే మాటను క్యాలెండర్ దగ్గర వాడకండి.

‘కనుమ దాకా’ కూడా అంతే. కనుమ భోజనం చేసి రాత్రి బస్సెక్కుతాడా, ఆ పొద్దున్నే ఆన్‌లైన్‌కి వస్తాడా? హరి గారూ, తేదీ పక్కన ‘వరకు’ ఉంటే ఆ రోజును కలుపుకోవడమే మామూలు, ఒప్పుకుంటాను. పండుగ పేరుతో కలిస్తే ఆ ధీమా ఉండదు. మళ్లీ పనిలో ఉండే రోజును వారంతో సహా రాసేస్తే గొడవే లేదు: ‘19 సోమవారం సీట్లో ఉంటాను.’

మీ ఇద్దరి వాక్యాల్లోనూ లేనిది ఇంకొకటుంది. ఆ రోజుల్లో ఏది కదలదు, ఏది కదులుతుంది? అయిదు రోజులూ ఒకే ముద్దగా అడిగితే లీడ్ గారు మొత్తం ఇవ్వాలి, లేదా మొత్తం కాదనాలి. ముందు లీడ్ గారి దగ్గరికి వెళ్లకండి. అతన్నే అడగండి: ‘తమ్ముడూ, మనిద్దరివీ ఒకే రోజులు పడ్డాయి. నీకు వీటిలో కదలనిది ఏది? నాది చెప్తాను, చూసి చెప్పు.’

పద్మ, వేళచ్చేరి (చెన్నై)

మాకు చెన్నైలో వేరే తలనొప్పి. మా ఆఫీసులో పొంగల్‌తో పాటు మర్నాడు మాట్టు పొంగల్‌కి కూడా సెలవిస్తారు, కాబట్టి కనుమ ఇబ్బంది లేదు. గొడవంతా భోగి రోజుకే. పోయినసారి ‘నేను సర్దుకుంటాను’ అని రాశాను. భోగి సాయంత్రమైనా త్వరగా వదిలేస్తారని నా ఉద్దేశం. అవతలివాళ్లు నేను పూర్తిగా వదులుకున్నానని అర్థం చేసుకుని భోగి రోజంతా వాళ్లే తీసుకున్నారు. ఈ మాటకు మర్యాదగా ఉండే ప్రత్యామ్నాయం ఏదైనా ఉందా?

విజయ

పద్మ గారూ, ‘సర్దుకుంటాను’లో మంచితనం ఉంది కానీ ఎంత సర్దుకుంటారో లేదు. ఎంతో చెప్తే అదే మర్యాదగా ఉంటుంది. ‘భోగి రోజు మధ్యాహ్నం మూడింటి దాకా పని చేస్తాను, ఆ తర్వాత వెళ్లాలి.’ ఇందులో ఇచ్చిందీ ఉంది, ఉంచుకున్నదీ ఉంది.

పెరంబూరు మాస్టారు

ఇప్పుడు నాకు ప్రశ్న అర్థమైంది. ఒక్క వ్యాకరణ విషయం చెప్తాను. ‘నాకు కావాలి’లో దురుసుతనం ఏమీ లేదు. మంచినీళ్లు కావాలన్నా, సాయం కావాలన్నా మనం అలాగే అంటాం. శిరీష గారి వాక్యం ఆజ్ఞలా వినిపించింది, దాని తర్వాత అవతలివాడు బదులు చెప్పడానికి చోటు లేక. ‘పెట్టుకోవచ్చా?’ అని ప్రశ్నగా ముగించినా, ‘అడుగుతున్నాను’ అన్నా చోటు వస్తుంది. ‘ప్రార్థన’ అక్కర్లేదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శిరీష

నిన్న అతనితో మాట్లాడాను. అతనిది అత్తవారింట్లో మొదటి పండుగ, భీమవరంలో. భోగి పొద్దున్నే అక్కడ ఉండాలి, అది కదలదు. కనుమ నాడు మధ్యాహ్నం భోజనానికి బంధువులంతా వస్తారు, అప్పుడు ఉండకపోతే బాగుండదు. నాది రాజమండ్రి. సంక్రాంతి రోజు పెద్దలకు పెట్టుకోవాలి, అది మా ఇంట్లో నేనూ మా అమ్మే చేస్తాం. అది గురువారం, ఆఫీసుకి ఎలాగూ సెలవు. బుధవారం సాయంత్రం పని అయ్యాక బస్సెక్కినా పొద్దునకు చేరతాను. 12, 13 నాకు ఊరికే అమ్మ దగ్గర ఉందామని అడిగినవి. అంటే నిజంగా ఇద్దరికీ పడ్డ రోజు 16 శుక్రవారం ఒక్కటే.

విజయ

అయిదు రోజుల తగువు ఒక్క రోజుకు దిగింది చూశారా. 13, 14 అతనికి వదిలేయండి, మీకు ఆ రెండు రోజులూ సెలవు ఖర్చే ఉండదు. అమ్మతో గడపాల్సిన రోజులు మాత్రం తర్వాతి నెలలో ఒక వారం చూసి ఇప్పుడే రాసి పెట్టండి, లేకపోతే అవి మాయమైపోతాయి. 16ను సగం చేసుకోండి. భోజనాల వేళ అతనికి కావాలి కాబట్టి పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అతను భీమవరం నుంచి చూస్తాడు. ఒంటిగంట నుంచి ఆరు దాకా మీరు. మీరు రాయాల్సింది ఇలా ఉంటుంది:

‘లీడ్ గారూ, నేను ముందు అడిగిన 12, 13, 14 తీసేయండి, ఆ మూడు రోజులూ ఆఫీసులోనే ఉంటాను. 16 శుక్రవారం పొద్దున పూట సెలవు అడుగుతున్నాను. ఆ రోజు ఒంటిగంట నుంచి ఆరు దాకా రాజమండ్రి నుంచి పని చేస్తాను. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా తమ్ముడు చూస్తానన్నాడు, ఇద్దరం మాట్లాడుకున్నాం. 19 సోమవారం సీట్లో ఉంటాను. మీరు ఈ శుక్రవారంలోగా సరేనంటే బస్సు టికెట్ తీసుకుంటాను.’

అతను కూడా తనవైపు నుంచి ఇదే ఏర్పాటు రాయాలి. ఒక్కరే రాస్తే ‘చూస్తానన్నాడు’ అన్నది మీ మాటే అవుతుంది. ఇంకో జాగ్రత్త: ఆఫీసు ల్యాప్‌టాప్ బయటి ఊరి నుంచి లాగిన్ కావడానికి మీ కంపెనీలో అనుమతి ఉందో లేదో ఇప్పుడే అడగండి. పండుగ పొద్దున తెలిస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

హరి

ఊరి నుంచి పని చేసినవాళ్లు ‘సీట్లో ఉన్న ముగ్గురి’లోకి వస్తారా? మా దగ్గర రారు. నెట్ పోతే ఎవరు చూస్తారు? ఆ రోజు ఆఫీసులో నిజంగా ఉండేది ఇద్దరే కదా.

విజయ

ఇది మీ దగ్గర నిజమే అయి ఉంటుంది. మా షీట్‌లో దానికి వేరే రంగు పెట్టాం, నీలం. నీలం ఒక రోజుకు ఒక్కరికే. దాన్ని హాజరుగా లెక్కపెట్టాలా వద్దా అన్నది లీడ్ చెప్పాలి, వాక్యంతో తేలేది కాదు.

పద్మ

కారణాలు రాయడం మీద నాకు బెంగగా ఉంది. కొత్త అల్లుడు, పెద్దలకు పెట్టుకోవడం, ఇవి వింటే ఎవరైనా సరే అంటారు. మా టీమ్‌లో పెళ్లికాని అమ్మాయి ఒకతె ఉంది, తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు. ఆమె ఏం రాసినా చిన్న కారణంలా కనిపిస్తుంది. ప్రతి పండుగకీ ఆమే ఉండిపోతోంది.

విజయ

అందుకే మేం కారణం రాయమని అడగం. ఒక్కొక్కరు ఒక్క రోజును ‘కదలదు’ అని రాయవచ్చు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఇద్దరి ‘కదలదు’ ఒకే రోజు పడితే పోయిన ఏడు ఆ పండుగకి ఎవరు పని చేశారో షీట్‌లో చూస్తాం, వాళ్లకి ఇస్తాం. మీ అమ్మాయి విషయంలో ముందు పాత షీట్ తెరవండి.

హరి

పోయిన ఏడు ఇద్దరూ టీమ్‌లో లేకపోతే?

విజయ

దానికి నా దగ్గర మంచి పద్ధతి లేదు. చీటీలు వేశాం ఒకసారి, ఓడినవాళ్లు ఒప్పుకున్నారు కానీ సంతోషించలేదు.

శిరీష

రాశాను, అతనూ రాశాడు. లీడ్ గారు 13, 14 అతనికి ఆకుపచ్చ చేశారు. 16 ఇంకా పసుపులోనే ఉంది. బయటి నుంచి లాగిన్ సంగతి ఐటీ వాళ్లను అడిగి చెప్తానన్నారు, హరి గారు అడిగిన ప్రశ్నే ఆయనా అడిగారు.