బాక్స్ తిరిగిచ్చినా బిల్లులో దాని ధర వేశారు: కట్టాలా, ఆపాలా?

పాతరిమోట్: టీవీ కనెక్షన్ క్యాన్సిల్ చేయించి సెట్‌టాప్ బాక్స్, రిమోట్, అడాప్టర్ అన్నీ ఇచ్చేశాను, రసీదు ఉంది. అయినా ఆఖరి బిల్లులో ‘వాపసు రాని పరికరం’ అని బాక్స్ ధర వేశారు. కట్టేసి తర్వాత అడగాలా, కట్టకుండా పోట్లాడాలా?

వానచినుకు: పైసా కూడా కట్టకండి. ఆటోపే తీసేసి ఊరుకోండి, వాళ్ళే దారికొస్తారు.

బిల్లులబాబు: ఆటోపే తీసేస్తే డబ్బు లాక్కోవడం ఆగుతుంది గానీ బాకీ పోదండీ. నేను ఇలాంటి కంపెనీ బిల్లింగ్‌లోనే పనిచేశాను. మొత్తం బిల్లు ఆపేస్తే మీరు నిజంగా వాడుకున్న రోజుల డబ్బు కూడా ఎగవేతగా నమోదై వసూలు ఏజెన్సీ చేతికి పోవచ్చు. వాడిన భాగం కట్టేసి, బాక్స్ ధర ఒప్పుకోవట్లేదని రాతపూర్వకంగా పంపండి. అంతకంటే ముందు బిల్లులో ఉన్న సీరియల్ నంబర్, రసీదులో ఉన్న నంబర్ పక్కపక్కన పెట్టి చూడండి.

సందులోఇల్లు: మాకు డిష్ కనెక్షన్. మేడ మీద డిష్ కూడా మనమే విప్పి ఇవ్వాలా?

బిల్లులబాబు: చాలాచోట్ల అడగరు, బాక్స్, కార్డు ఉంటే చాలంటారు. ఒప్పందం చూసి అడగండి, నిచ్చెన మాత్రం ఎక్కకండి.

నిదానం: వాడిన భాగం అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? ముందే నెల బిల్లు వేసే కంపెనీ అయితే 30 రోజుల్లో 12 రోజులు చూసి ఆపినవాళ్ళకి 18 రోజులది వెనక్కి రావాలి కదా.

బిల్లులబాబు: ఒప్పందంలో రోజుల లెక్క ఉంటేనే వస్తుంది. నెల మధ్యలో మానేసినా పూర్తి నెల వసూలు చేసేవాళ్ళూ ఉన్నారు.

పాతరిమోట్: చూశాను. నంబర్లు వేరు! బిల్లులో ఉన్నది ఎప్పుడో కాలిపోయిన పాత బాక్స్‌ది. టెక్నీషియన్ కొత్తది పెట్టి దాన్ని పట్టుకెళ్ళాడు, కాగితం ఏమీ ఇవ్వలేదు.

బిల్లులబాబు: అదీ సంగతి. మార్చినప్పుడు పాత బాక్స్‌ని మీ ఖాతాలోంచి తీసేయలేదు, కనెక్షన్ ఉన్నన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు, మూసేటప్పుడు బయటపడింది. కస్టమర్ కేర్‌కి కథంతా చెప్పకుండా ఆ టెక్నీషియన్ వచ్చిన రోజు కంప్లయింట్ నంబర్, కొత్త బాక్స్ యాక్టివేట్ అయిన తేదీ అడగండి. కొత్తది ఎక్కిన రోజు నుంచే పాతది సిగ్నల్ తీసుకోవడం మానేస్తే, మార్పిడి జరిగిందని వాళ్ళ రికార్డే చెబుతుంది.

వానచినుకు: పాత బాక్స్ ఈయన దగ్గరే ఉందని నిరూపించాల్సింది కంపెనీ కదా? ఈయన ఎందుకు తిరగాలి?

నిదానం: న్యాయం మీ వైపే. కానీ మూలన పడేసినా బాక్స్‌కి సిగ్నల్ ఆగిపోతుందిగా, టెక్నీషియన్ తీసుకెళ్ళాడని దాంతో ఎలా తేలుతుంది?

బిల్లులబాబు: పూర్తిగా తేలదు. టెక్నీషియన్ జాబ్ షీట్‌లో ‘మార్చాను’ అని రాసుంటే అయిపోయినట్టే, లేకపోతే పై అధికారి దయ.

పాతరిమోట్: కంప్లయింట్ నంబర్ పాత మెసేజ్‌ల్లో దొరికింది. వాడిన రోజులది ఇవాళే కట్టేస్తున్నా, మిగతాది మెయిల్ పెడతా.